ముగ్గురికి వెళ్ళిన మెయిలు

మిల్లీగ్రామ్ అన్నది ఆమెకు లాబ్‌లో పెట్టిన పేరు. పెట్టింది లాబ్ యజమాని. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆమె చేరిన కొత్తలో ఒక మందుల దుకాణం వాళ్ళ త్రాసు పరీక్షకు వచ్చింది. పక్క బల్ల దగ్గరి టెక్నీషియన్ "రెండు మిల్లీగ్రాములే కదా తేడా, పోనిద్దూ" అన్నాడు. "ఆ మందు మీ పిల్లాడికి వేస్తే పోనిస్తారా?" అని ఈమె అడిగింది. పెద్దాయన అద్దాల గదిలోంచి విని పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడలేదు.

టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదే లాబ్. త్రాసులు, థర్మామీటర్లు, ప్రెషర్ గేజ్‌లు, ఆస్పత్రుల్లో బొట్టు బొట్టుగా మందు ఎక్కించే పంపులు అక్కడికి వస్తాయి. వాటిని తప్పు పోని కొలతలతో పోల్చి చూసి, ఏది ఎంత తేడా చూపిస్తోందో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వడమే అక్కడి పని. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. గాలి తగిలితే త్రాసు ముల్లు నిలవదు కాబట్టి తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయాలి. ఎండాకాలంలో చెమటలు కక్కుతూ, ఊపిరి కూడా పక్కకు తిప్పి వదులుతూ, ఆమె ఎనిమిదిన్నరేళ్ళు ఆ పని చేసింది. విసుగు పుట్టలేదా అంటే, నిజం చెప్పాలి, ఒక్క రోజూ పుట్టలేదు. కొందరికి అలాంటి పిచ్చి ఉంటుంది. ప్రపంచం కాస్తో కూస్తో సరిగ్గా నడుస్తోందంటే అది వీళ్ళ పిచ్చి పుణ్యమే.

అలాంటి లాబ్‌ను మూసేస్తున్నట్టు ఒక సోమవారం పెద్దాయన చెప్పాడు. కంటి చూపు మందగించింది, గేజ్ మీద గీతలు రెండేసిగా కనిపిస్తున్నాయి, కొడుకులెవరికీ ఈ పని అక్కర్లేదు. రెండున్నర నెలల గడువు పెట్టాడు. చెప్పేటప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు. చేతిలోని గుడ్డతో తుడిచిన తూనిక రాయినే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో ఆమె, నాన్న, ఇద్దరే. తల్లి పోయి ఆరేళ్ళు. ఆమె జీతంతోనే ఇల్లు గడుస్తుంది. ఊళ్ళో ఇంకో క్యాలిబ్రేషన్ లాబ్ లేదు. ఉద్యోగం దొరక్కపోతే ఏ దుకాణంలోనో బిల్లులు కొట్టుకోవాలి. బిల్లులు కొట్టడం తప్పేమీ కాదు. కానీ చేతిలో ఉన్న విద్యను మూటగట్టి అటక మీద పెట్టేయడం అంటే ఆమెకు ఏడుపొచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

ఊరవతల ఆస్పత్రి పంపులు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి ఉంది. దాని వెబ్‌సైట్‌లో క్యాలిబ్రేషన్ ఇంజనీర్ ఉద్యోగం ఒకటి పడింది. 'డిగ్రీ, లేదా దానికి తగ్గ అనుభవం' అని రాశారు. కానీ దరఖాస్తు ఫారం తెరిస్తే చదువు గడిలో డిగ్రీ నుంచే పేర్లు మొదలయ్యాయి. ఆమెది పాలిటెక్నిక్ డిప్లొమా. ఆ గడి దగ్గరే వేలు ఆగిపోయింది. మర్నాడు పెద్దాయనకు చూపించింది.

"నింపకు," అన్నాడాయన. "ముందే నింపేశావనుకో, తర్వాత లోపలి వాళ్ళెవరన్నా నీ పేరు చెబుదామన్నా కుదరదంటారు. కంప్యూటర్ కన్నా ముందు మనిషి నీ కాగితం చూడాలి. మీ కాలేజీ వాళ్ళెవరూ లేరా అక్కడ?"

ఉన్నారు. పాలిటెక్నిక్ పాత విద్యార్థుల జాబితా నెట్‌లో ఉంది. చదివిన సంవత్సరం, చేస్తున్న ఉద్యోగం, మెయిల్ అడ్రసు అన్నీ అందులో రాసుంటాయి. ఆ కంపెనీలో ముగ్గురు తేలారు. ఒకాయన అమ్మకాల్లో ఉన్నాడు. ఇంకొకాయన చాలా సీనియర్, కొనుగోళ్ళ విభాగానికి పెద్ద. మూడో ఆమె క్వాలిటీ విభాగంలో ఉంది, ఈమె చదివిన బ్రాంచే, నాలుగేళ్ళు ముందు. మిల్లీగ్రామ్ ఆ మూడో ఆమె పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. ఆయన నలభై ఏళ్ళు సర్కారు ఆఫీసు మెట్ల పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసిన మనిషి. పింఛను రానివాళ్ళు, పొలం హద్దు జరిగినవాళ్ళు, కుళాయిలో నీళ్ళు రానివాళ్ళు, అందరి గోడూ ఆయన కలంలోంచే లోపలికి వెళ్ళేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉన్నా, పాలవాడికి చీటీ రాసినా దానికి విషయం, సూచిక ఉండాల్సిందే. కూతురు ఎవరికో విన్నపం రాస్తోందని తెలిసేసరికి ఆయన వయసు పదేళ్ళు తగ్గింది.

ఆమె మొదట రాసింది రెండు వాక్యాలు. 'మీ కంపెనీలో ఉద్యోగం ఉంది. రెజ్యూమె జతపరిచాను, దయచేసి రిఫర్ చేయండి.'

నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "ఇదేంటమ్మా, అప్పు వసూలుకి వచ్చినట్టుంది."

"మరి ఎలా రాయాలి?"

"నేను చెబుతా, రాసుకో. మహారాజశ్రీ గౌరవనీయులైన మేడమ్ గారి దివ్యసముఖమునకు..."

"నాన్నా!"

"సముఖం వద్దులే. గౌరవనీయులు ఉంచు."

ఆ సాయంత్రం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కుస్తీ పట్టారు. ఆయన చెప్పినదాన్ని ఆమె కొట్టేస్తుంది, ఆమె రాసినదానికి ఆయన మూతి విరుస్తాడు. 'కడు బీదరాలను' అని పెట్టమన్నాడు. పెట్టనంది. 'వీలు కాకపోతే ఫర్వాలేదు, ఇబ్బంది పడకండి' అని ఆమె రాస్తే, కాదనడానికి దారి మనమే చూపించడమేంటని ఆయన గొడవ చేశాడు. ఆమె ఆ మాట తీయలేదు. తెలియని మనిషిని సాయం అడిగేటప్పుడు తలుపు తెరిచి ఉంచాలని ఆమె పట్టు.

అయితే ముసలాయన ఊరికే మాట్లాడే రకం కాదు. ఒకచోట వేలు పెట్టి అడిగాడు. "ఇదంతా చదివాక ఆవిడ చెయ్యాల్సిన పనేంటి?"

"రిఫర్ చెయ్యాలి."

"ఏ ఉద్యోగానికి? నంబరేది? అక్కడ ఫారంలో నీ గురించి ఏం రాయాలి? ఆవిడ పని చేసుకుంటుందా, నీ గురించి ఆలోచిస్తూ కూర్చుంటుందా? ఆఫీసరు చేతిలో కలం ఉంటుంది తల్లీ, ఏం రాయాలో అర్జీయే చెప్పాలి."

ఆమె తలవంచుకుని మళ్ళీ రాసింది. రాసిన మెయిలు ఇది:

'మేడమ్, నేను మన పాలిటెక్నిక్‌లో మీ బ్రాంచే, మీకన్నా నాలుగేళ్ళు చిన్న. మనకు పరిచయం లేదు. మీ కంపెనీలో క్యాలిబ్రేషన్ ఇంజనీర్ ఉద్యోగానికి (నంబరు, లింకు కింద ఉన్నాయి) నన్ను రిఫర్ చేయగలరేమో అడగడానికి రాస్తున్నాను. ఇంకా వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టలేదు. ఎనిమిదిన్నరేళ్ళుగా క్యాలిబ్రేషన్ లాబ్‌లో పనిచేస్తున్నాను. ఏటా రెండు ఆస్పత్రుల నుంచి వచ్చే అరవై పంపుల్ని నేనే పరీక్షిస్తాను. ఇప్పటిదాకా నాలుగు వేలకు పైగా సర్టిఫికెట్లు ఇచ్చాను. వెనక్కి వచ్చినవి పదకొండు. ప్రతిదానికీ కారణం చెప్పగలను. నాది డిప్లొమా, డిగ్రీ లేదు. రెజ్యూమె జతపరిచాను. ఫారంలో అవసరమైతే వాడుకోవడానికి మూడు వాక్యాలు కింద రాశాను. వీలు కాకపోతే ఫర్వాలేదు, ఇబ్బంది పడకండి.'

వెనక్కి వచ్చినవాటి సంఖ్య ఎందుకని నాన్న అడిగాడు. "అది లేకపోతే నాలుగు వేలు ఎవరు నమ్ముతారు?" అంది. ఆయన కాసేపు ఆలోచించి, బాగుందన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం గొప్ప సంగతే.

పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వచ్చి ఆమె లేచింది. "ఒకసారి మొత్తం చదువు నాన్నా, తప్పులుంటే చెప్పు," అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన చేతులు కట్టుకుని తృప్తిగా కూర్చుని ఉన్నాడు. "అంతా సవ్యంగా ఉంది, పంపించు." ఆమె రెజ్యూమె తెరిచి సరైనదేనా అని చూసుకుంది. ఉద్యోగం నంబరు రెండుసార్లు సరిచూసుకుంది. మీట నొక్కింది.

మర్నాడు పదకొండింటికి లాబ్‌లో టీ తాగుతూ ఫోన్ తెరిస్తే ఒక జవాబు ఉంది. తెరిచింది. 'నేను ఈ శుక్రవారం దాకా సెలవులో ఉన్నాను. అత్యవసరమైతే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి.' ఆఫీసు మెయిళ్ళు వాటంతటవే పంపే జవాబు అది. వింత ఏమిటంటే, అది అమ్మకాల్లో ఉన్నాయన పేరుతో వచ్చింది. ఆయనకు తను రాయనే లేదు!

పంపిన మెయిలు మళ్ళీ తెరిచి చూసింది. పై వరుసలో మేడమ్ అడ్రసు. దాని కింద, కాపీ వెళ్ళేవాళ్ళ వరుసలో, రెండు అడ్రసులు. అమ్మకాలాయన, కొనుగోళ్ళ పెద్ద. ముగ్గురికీ ఒకరి పేరు ఒకరికి కనబడేలా బారుగా ఉన్నాయి. టీ గ్లాసు కింద పెట్టేసింది. ఇది ఎవరి పనో చెప్పడానికి లాబ్ అక్కర్లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తూనే అడిగింది. నాన్న ఏమాత్రం తడుముకోలేదు.

"అవును, నేనే పెట్టాను. నీ బ్యాగులో జాబితా ఉందిగా, అందులో చూసి కొట్టాను. నకలు లేని అర్జీ ఎక్కడైనా ఉంటుందా? పైవాడికి కూడా వెళ్ళిందని తెలిస్తేనే కిందివాడు బద్ధకించకుండా చేస్తాడు. నలభై ఏళ్ళు చూశాను."

"నాన్నా, నేను అడిగింది సాయం. నువ్వు దాన్ని ఫిర్యాదు చేశావు. ఆవిడకి ఎలా ఉంటుంది? ఊరందరికీ పంచిన కరపత్రంలా ఉంటుంది. పైగా వాళ్ళలో ఒకాయన పెద్ద ఆఫీసరు. ఆయన చూస్తున్నాడని ఆవిడని బెదిరించినట్టుంటుంది!"

"బెదిరింపేంటమ్మా, పద్ధతి."

"నీ పద్ధతుల కాలం అయిపోయింది. నీ అర్జీలు ఆ మెట్ల మీదే అయిపోయాయి. నా బతుకులోకి తీసుకురాకు."

అన్నాక నాలుక కరుచుకుంది గానీ, అన్న మాట అనేసింది. ఆయన లేచి, గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్ళాడు. అన్నానికి పిలిస్తే వచ్చి తిన్నాడు. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మౌనం ఉండదు.

బుధవారం గడిచింది. గురువారం గడిచింది. మేడమ్ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. సంగతి ఊహించడం కష్టమేమీ కాదు. ముగ్గురికీ వచ్చిన మెయిలు, మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ముగ్గురూ పక్కన పెట్టి ఉంటారు. ఫోన్ చూసుకుని చూసుకుని ఆమె బొటనవేలు అరిగింది. నాన్నతో మామూలుగా మాట్లాడాలని నాలుగుసార్లు అనుకుంది. నాలుగుసార్లూ ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం సాయంత్రం పెద్దాయన అడిగాడు. "ఏమ్మా మిల్లీగ్రామ్, నీ త్రాసు రెండ్రోజుల నుంచి అటూ ఇటూ ఊగుతోంది. ఏంటి సంగతి?"

చెప్పింది. ఆయన నకళ్ళ దగ్గర పకపకా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

"మనం ఇచ్చిన సర్టిఫికెట్‌లో తప్పుందని మనకే తెలిసిందనుకో, ఏం చేస్తాం?"

"కస్టమర్‌కి మనమే చెబుతాం. ఏది తప్పు, ఎలా జరిగింది, ఏం సరిచేశాం అన్నీ రాసి సవరించిన కాగితం పంపుతాం."

"వాళ్ళు చూడలేదేమోలే అని ఊరుకుంటామా?"

"ఊరుకోం."

"మరి ఇంకేం? ఇంటికి పో. ఫ్యాన్ నేను ఆపుకుంటా."

శుక్రవారం పొద్దున్న, పనికి బయల్దేరే ముందు, ఆమె మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చుంది. లాబ్‌లో సవరణ పత్రం రాసేటప్పుడు ఎలా రాస్తుందో అలాగే, సాకులూ సన్నాయి నొక్కులూ లేకుండా రాసింది.

'మేడమ్, సోమవారం మీకు పంపిన మెయిలులో ఒక తప్పు జరిగింది. మీ ఒక్కరికే పంపాలనుకున్నది మరో ఇద్దరికి కాపీ వెళ్ళింది. పంపేముందు రెజ్యూమె, ఉద్యోగం నంబరు సరిచూసుకున్నాను గానీ, పైనున్న అడ్రసుల వరుస చూసుకోలేదు. తప్పు నాది. దానివల్ల మీకు ఇబ్బంది కలిగి ఉంటే క్షమించండి. మిగతా ఇద్దరికీ విడివిడిగా రాసి, వాళ్ళు ఏమీ చేయనక్కర్లేదని చెప్పాను. ఇకపై ఏది పంపినా అడ్రసులే ముందు చూస్తాను. నా విన్నపం మాత్రం మారలేదు. మీకు కుదిరితేనే.'

లాప్‌టాప్ తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. నాన్న పేపరు పట్టుకుని ఉన్నాడు, కళ్ళజోడు మాత్రం పక్క బల్ల మీద ఉంది.

"నాన్నా, ఇది ఒకసారి చదివిపెట్టు."

"నేనెందుకులే."

"చదువు నాన్నా. పంపేముందు ఇంకో మనిషి చూడాలి. అది మా లాబ్ పద్ధతి."

పద్ధతి అనేసరికి ఆయన చెయ్యి చాచాడు. నిదానంగా చదివాడు. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. అలా రెండుసార్లు చదివి తలెత్తాడు.

"ఇందులో నేను లేనేం?"

"నువ్వెందుకుంటావు?"

"నకళ్ళు పెట్టింది నేను కదా. మా నాన్న ముసలాయన, ఆయనకి తెలియక పెట్టాడు అని రాయి. ఆవిడకి నీ మీద కోపం పోతుంది. నాకేం తగ్గిపోదు."

"మీట నొక్కింది నేను నాన్నా. సంతకం ఎవరిదో తప్పు వాళ్ళదే."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోకు," అంది. "ఏ మాటలు?" అన్నాడాయన. అబద్ధమాడటం ఆయనకు ఎప్పుడూ చేతకాదు, ఆ ఒక్కసారి మాత్రం బాగానే ఆడాడు. ఇద్దరూ కలిసి పై వరుస చూశారు. ఒకే అడ్రసు ఉంది. "పంపు," అన్నాడు.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఒకే లైను. 'మీ ఫోన్ నంబరు పంపండి, రేపు పదింటికి మాట్లాడదాం.'

శనివారం పదింటికి ఆమె లాబ్ మెట్ల మీద నిలబడి ఫోన్ ఎత్తింది.

"నమస్తే మేడమ్."

"మేడమ్ ఏంటి? ఒకే కాలేజీ. అక్కా అను," అంది అవతలి గొంతు. "ముందు ఒకటి చెప్పేస్తా, ఏమీ అనుకోకు. నీ మొదటి మెయిల్ నేను పక్కన పడేశాను. మా కొనుగోళ్ళ హెడ్ దాన్ని నాకే తిప్పి పంపి, 'ఇది నీదేనా?' అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇలా అందరికీ విసిరేసే రకం అనుకున్నాను."

"సారీ అక్కా."

"ఆగు, అది అయిపోయింది. నిన్న రెండోది వచ్చింది. మా దగ్గర నేను పొద్దున్న లేస్తే చూసేది ఎవరినో తెలుసా? తప్పు జరిగితే ఎలా దాచాలా అని చూసేవాళ్ళని. ఏది తప్పు, ఎందుకు జరిగింది, ఏం సరిచేశాను అని నాలుగు లైన్లలో చెప్పిన కాగితం నేను చూసి ఎన్నాళ్ళయిందో! సరే, ఒకటి చెప్పు. పంపుని గంటకి అయిదు మిల్లీలీటర్లకి పెడితే, నిజంగా అంతే వస్తోందని ఎలా తేలుస్తావు?"

ఆమె మెట్ల మీద కుదురుగా కూర్చుంది. ఇది తెలిసిన ప్రశ్నే. "తూకం వేస్తాను అక్కా. పంపు నుంచి వచ్చే నీళ్ళని త్రాసు మీద గ్లాసులోకి వదిలి, ఎంతసేపటికి ఎంత బరువు పెరిగిందో చూస్తాను. మొదట్లో వచ్చే లెక్క తీసుకోను, పంపు కుదురుకోవాలి. అంత తక్కువ ధారలో నీళ్ళు ఆవిరైపోయినా తేడా వస్తుంది, అందుకని గ్లాసులో నీళ్ళ మీద పల్చగా నూనె పోస్తాను."

"నూనె నీకెవరు చెప్పారు?"

"మా పెద్దాయన. అంతకుముందు ఒకసారి అది చెయ్యక సర్టిఫికెట్ వెనక్కి వచ్చింది. ఆ పదకొండులో అదొకటి."

అవతల నవ్వు వినిపించింది. "సరే విను. రిఫరల్ అంటే ఉద్యోగం కాదు. నీ కాగితాన్ని మనిషి చూస్తాడు, అంతే. ఆ తర్వాత నీ చేతిలోనే ఉంది. ఫారంలో 'ఈమె మీకెలా తెలుసు' అని అడుగుతారు. కాలేజీ ఒకటే, ముందు పరిచయం లేదు, ఈ మధ్యే మాట్లాడాను అని ఉన్నదే రాస్తాను. నాకు అబద్ధాలు రావు. ఎందుకు రికమెండ్ చేస్తున్నారని అడిగిన చోట నీ మూడు వాక్యాలూ పెట్టి, కింద నూనె సంగతి నేను కలుపుతాను. నువ్వు ఇంకా దరఖాస్తు పెట్టలేదుగా?"

"లేదక్కా."

"మంచి పని చేశావు. పెట్టి ఉంటే నా రిఫరల్ దానికి అతుక్కునేది కాదు. నీకు మెయిల్‌లో ఒక లింకు వస్తుంది, అందులోంచే నింపు. చదువు గడిలో అట్టడుగున 'ఇతర' అని ఉంటుంది, అది నొక్కితే రాసుకోవడానికి చోటు వస్తుంది. రెజ్యూమె నాలుగు పేజీలు పెట్టావు, రెండు చెయ్యి. పంపుల సంగతి మూడో పేజీలో దాక్కుంది, దాన్ని నెత్తిన పెట్టు. ఈ సాయంత్రంలోగా పంపితే కొత్తదే ఎక్కిస్తాను." ఒక క్షణం ఆగి, "అవునూ, నీ రెండో మెయిల్ రాసిన మనిషి నకళ్ళు పెట్టే మనిషి కాదు. ఎవరు పెట్టారు?" అని అడిగింది.

"మా ఇంట్లో నలభై ఏళ్ళు అర్జీలు రాసినాయన ఉన్నారు అక్కా. ఫారంలో ఏం రాయాలో మీకు నేనే రాసివ్వాలన్నది కూడా ఆయనే."

"అలా చెప్పు! అది మాత్రం నాకు అరగంట పని తప్పించింది. ఆయనకి చెప్పు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన ఆమెను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. రెజ్యూమె రెండు పేజీలయ్యింది. తెచ్చి చూపిస్తే భూతద్దం పెట్టి చదివి, "ఇంకా అర పేజీ నన్నే పొగిడావు, అది తీసెయ్" అన్నాడు. ఆమె తీయలేదు, రెండు లైన్లకు కుదించింది. సాయంత్రం అక్కకు పంపింది. సోమవారం లింకు వచ్చింది. 'ఇతర' అన్న గడిలో డిప్లొమా అని రాస్తుంటే చెయ్యి తడబడలేదు.

బుధవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినతను మర్యాదగా, కొంచెం తొందరగా మాట్లాడాడు. వచ్చే మంగళవారం పదిన్నరకు ఇంటర్వ్యూ అన్నాడు. క్వాలిటీ మేనేజర్ ఉంటారు, ఒక పంపు ఇచ్చి పరీక్షించి చూపించమంటారు, గుర్తింపు కార్డు తెచ్చుకోమన్నాడు. డిగ్రీ ఊసు ఎత్తలేదు. ఆమె తేదీ, టైము తిరిగి అతనికే చదివి వినిపించి, సరే అనిపించుకుని పెట్టేసింది. వెంటనే పర్మిషన్ తీసుకుని ఇంటికి వచ్చేసింది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పబుద్ధి కాలేదు, అంతే.

నాన్న గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ వేళకు ఆమె రావడం చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందమ్మా?"

"ఇంటర్వ్యూకి పిలిచారు నాన్నా. మంగళవారం."

ఆమె కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుని, అక్క ఏమంది, ఫారంలో ఏం రాసింది, అరగంట పని తప్పించారని చెప్పమంది, ఫోన్ చేసినతను ఏం మాట్లాడాడు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చెప్పడం అయ్యాక కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. అద్దాలు అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి.

"నలభై ఏళ్ళు రాశానమ్మా," అన్నాడు. "ఎన్ని వేలో లెక్క లేదు. రాయించుకునేవాళ్ళు, లోపలికి వెళ్ళేవాళ్ళు. పనైందో లేదో ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి చెప్పలేదు. వాళ్ళని అనడానికేం లేదు, ఎవరి హడావిడి వాళ్ళది. రాసిన కాగితం ఏమైందో ఇవాళే విన్నాను."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"మంగళవారం అయ్యాక కూడా వచ్చి చెప్పు. కాకపోయినా సరే, వచ్చి చెప్పు."